ట్రాఫిక్ వీధిలో ఆరు వారాల ఫొటో బడి

ఖరగ్‌పూర్‌లో ఎవరైనా "మేం ట్రాఫిక్‌లో ఉంటాం" అంటే బండ్ల రద్దీలో ఇరుక్కున్నారని కాదు. రైల్వేవాళ్ల మాటలో ట్రాఫిక్ అంటే రైళ్లు నడిపించే శాఖ. ఆ మాటే ఇక్కడ ఒక పేట పేరు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచీ తెలుగు కుటుంబాలు ఈ ఊరికి ఉద్యోగాల కోసం వచ్చి, తరాలుగా ఇక్కడే ఉండిపోయాయి. ఎర్రమట్టి నేల, రైల్వే క్వార్టర్లు, కాస్త దూరంలో పెద్ద స్టేషన్. చేతిలో ఫోన్ ఉన్నవాళ్లు కంపోజిషన్ నేర్చుకోవడానికి ఇవి చాలు.

కంపోజిషన్ అంటే మూడు ప్రశ్నలే. ఫ్రేములో ఏది ఉండాలి, ఏది ఉండకూడదు, ఉన్నది ఎక్కడ ఉండాలి? ఈ మూడింటికీ జవాబు కెమెరా సెట్టింగుల్లో తక్కువగా, మనం నిలబడే చోటులోనూ నిలబడే వేళలోనూ ఎక్కువగా దొరుకుతుంది. ఆ సంగతిని ఆరు వారాలుగా పంచి, వారానికో విశేషం, వారానికో పని చొప్పున ఇక్కడ ఇస్తున్నాం.

మొదటి వారం: కంచె సందులోంచి తీసిన ఫొటో

మీకు తెలుసా? ప్రపంచంలో ఎక్కువగా చర్చకు వచ్చిన ఫొటోల్లో ఒకటి ఒక రైల్వే స్టేషన్ వెనకాల తీసింది. 1932లో హెన్రీ కార్టియే-బ్రెసాన్ పారిస్‌లోని సెయింట్ లజార్ స్టేషన్ వెనక, నీటి మడుగు మీదుగా దూకుతున్న మనిషిని పట్టుకున్నాడు. అక్కడ పలకల కంచె ఉంటే దాని సందులో లెన్స్ పెట్టి తీశాడు. లెన్స్ పూర్తిగా పట్టకపోవడంతో ఎడమ పక్క కంచె అడ్డొచ్చింది. ఆ ముక్కను తర్వాత కత్తిరించాల్సి వచ్చింది. తీసిన ఫొటోను కత్తిరించడం ఇష్టపడని ఆయన కత్తిరించిన అతి కొద్ది ఫొటోల్లో అదొకటి.

అంత చేయి తిరిగినవాడికీ ఇబ్బంది ఫ్రేము అంచులోనే వచ్చింది. మన ఫొటోలు కూడా ఎక్కువగా అంచుల్లోనే పాడవుతాయి. మనం మనిషి ముఖం చూస్తూ బటన్ నొక్కుతాం. సగం తెగిన బకెట్, ఎవరిదో చెప్పు, పై మూలలో వేలాడే కరెంటు తీగ, తలలోంచి మొలిచినట్టున్న స్తంభం అప్పుడు కనిపించవు. అందుకే నొక్కే ముందు చూపును నాలుగు అంచుల వెంట ఒక చుట్టు తిప్పాలి. మూడు సెకన్లు చాలు. అడ్డున్న వస్తువు కనబడితే ఒక అడుగు పక్కకు జరగండి. చాలాసార్లు ఆ ఒక్క అడుగుతోనే స్తంభం తల వెనక నుంచి తప్పుకుంటుంది.

ఫొటో కుదిరిందో లేదో తెలుసుకోవడానికి తేలికైన పరీక్ష ఉంది. గ్యాలరీలో దాన్ని తపాలా బిళ్లంత చిన్నగా చూడండి. అంత చిన్నదానిలోనూ విషయం ఏమిటో తెలిస్తే ఫ్రేము నిలిచినట్టే. తర్వాత ఫోన్‌ను తలకిందులు చేసి చూడండి. మనిషిని మనిషిగా గుర్తుపట్టే అలవాటు కాసేపు పక్కకు పోయి, వెలుగు ముక్కలు, చీకటి ముక్కలు మాత్రమే కనిపిస్తాయి. మూలలో అనవసరంగా మెరుస్తున్న ముక్క ఉంటే అప్పుడు బయటపడుతుంది.

*ఈ వారం పని:* ఒక కిటికీనో గుమ్మాన్నో ఫ్రేములో ఫ్రేముగా వాడి, దాని అవతల ఉన్న ఒకే దృశ్యాన్ని 12 సార్లు తీయండి. మారేది మీరు నిలబడే చోటు ఒక్కటే. గుమ్మం చీకటిగా, అవతలి దృశ్యం వెలుగుగా ఉండాలి. అందుకోసం స్క్రీన్ మీద అవతలి వెలుగును వేలితో తాకి, అప్పుడు తీయండి. మనిషి తల గానీ భుజం గానీ గుమ్మం అంచును తాకకూడదు. మధ్యలో సన్నటి ఖాళీ ఉండాలి. పన్నెండింటిలో ఒకటే ఉంచుకుని, మిగతావి ఎందుకు పనికిరావో ఒక్కో మాటలో రాసుకోండి.

రెండో వారం: కిలోమీటరు దూరంలో మనిషి నాలుగు చుక్కలు

మీకు తెలుసా? ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం పొడవు 1,072.5 మీటర్లు. ఒకప్పుడు ప్రపంచంలోనే పొడవైన ప్లాట్‌ఫారం ఇది. తర్వాత గోరఖ్‌పూర్, ఇప్పుడు 1,507 మీటర్లతో హుబ్బళ్లి దీన్ని దాటిపోయాయి. ఇంత పొడవును ఫొటోలో చూపించాలని చాలామంది ఒక కొసన నిలబడి ఆ కొస దాకా తీస్తారు. ఇంటికొచ్చి చూస్తే మామూలు ప్లాట్‌ఫారం లాగే ఉంటుంది.

కారణం లెక్కలో ఉంది. 12 మెగాపిక్సెళ్ల ఫోన్ ఫొటో అంటే వెడల్పు 4,000 చుక్కలు, ఎత్తు 3,000 చుక్కలు. మామూలు ఫోన్ ప్రధాన కెమెరాతో 1.7 మీటర్ల మనిషిని 3 మీటర్ల నుంచి తీస్తే ఫొటో ఎత్తులో సగానికి కాస్త పైగా నిండుతాడు. 10 మీటర్ల నుంచి తీస్తే ఆరో వంతుకు తగ్గిపోతాడు. ప్లాట్‌ఫారం అవతలి కొసన నిలబడితే అతని ఎత్తు నాలుగైదు చుక్కలు. అంటే ఫొటోలో లేనట్టే.

కాబట్టి దూరాన్ని చూపించాలంటే దగ్గర్లో ఒక మనిషి కావాలి. 3 మీటర్ల దూరంలో పెట్టె మీద కూర్చున్న ప్రయాణికుడు, అతని వెనక చిన్నదవుతూ పోయే స్తంభాల వరస. ఆ పెద్దకూ ఈ చిన్నకూ మధ్య తేడాను చూసి కన్ను దూరాన్ని అంచనా వేస్తుంది. ఫోన్‌ను నడుము ఎత్తుకు దించితే దగ్గరి నేల ఎక్కువగా కనిపించి, గీతలు ఇంకా బలంగా లోపలికి లాగుతాయి.

మరీ దగ్గరికి పోయినా తంటాయే. ముక్కు కొన నుంచి చెవి దాకా సుమారు 10 సెంటీమీటర్లు ఉంటుందనుకోండి. ఫోన్‌ను ముక్కుకు 30 సెంటీమీటర్ల దూరంలో పెడితే చెవి 40 దగ్గర ఉంటుంది. దాంతో ముక్కు మూడో వంతు పెద్దదై, చెవులు వెనక్కి పోతాయి. మీటరున్నర దూరానికి జరిగితే ఆ తేడా 7 శాతానికి పడిపోతుంది. సెల్ఫీలో మన ముఖం మనకే కొత్తగా ఉండటానికి ఇదొక కారణం. లెన్స్ మార్చినా ఇది మారదు. దూరం మారితేనే మారుతుంది.

*ఈ వారం పని:* ఇంట్లో ఒకరిని అరచేయి దూరం నుంచి, రెండు అంగల నుంచి, నాలుగు అంగల నుంచి, పది అంగల నుంచి తీయండి. జూమ్ వాడొద్దు. నాలుగింటినీ పక్కపక్కన పెట్టి, ముఖం ఎక్కడ సహజంగా ఉందో, ఇల్లు ఎక్కడ కనిపించడం మొదలైందో గుర్తు పెట్టుకోండి. ఆ రెండు దూరాలూ ఒకసారి కాళ్లకు అలవాటైతే మళ్లీ మరచిపోరు.

మూడో వారం: ఫొటో కంటే పాతదైన ఫొటో నియమం

మీకు తెలుసా? రూల్ ఆఫ్ థర్డ్స్ అనే మాట ఫొటోగ్రఫీ కంటే ముందే పుట్టింది. ఇప్పటికి మిగిలి ఉన్న తొలి కెమెరా చిత్రాన్ని ఫ్రాన్స్‌లో నియెప్స్ తీసింది 1826–27 ప్రాంతంలో. అంతకు దాదాపు 30 ఏళ్ల ముందు, 1797లోనే, జాన్ థామస్ స్మిత్ అనే ఆంగ్ల చిత్రకారుడు పల్లెటూరి గుడిసెల బొమ్మల మీద రాసిన పుస్తకంలో ఈ నియమానికి పేరు పెట్టాడు. ఆయన చెప్పింది నాలుగు చుక్కల సంగతి కాదు, పంపకం సంగతి. ఆకాశం రెండు వంతులుంటే నేల ఒక వంతు ఉండాలి. రెండింటికీ సరిసగం ఇస్తే ఏది ముఖ్యమో తేలదు. ఆ అడ్డగీతలు, నిలువుగీతలు కలిసే చోట విషయాన్ని పెట్టాలన్న మాట తర్వాత స్థిరపడింది.

ఫోన్ కెమెరా సెట్టింగుల్లో గ్రిడ్ ఆన్ చేస్తే ఈ గీతలు కనిపిస్తాయి. సైకిల్ మీద ఎడమ నుంచి కుడికి వెళ్తున్న మనిషిని ఎడమ గీత మీద ఉంచండి. ముందు రెండు వంతుల దారి కనిపిస్తే అతను ఎక్కడికో వెళ్తున్నట్టు ఉంటుంది. కుడి గీత మీద ఉంచితే ఫొటోలోంచి బయటికి పోతున్నట్టు ఉంటుంది. పక్కకు చూస్తున్న ముఖానికీ ఇదే లెక్క. చూపు ఎటు ఉంటే అటు చోటు వదలాలి.

"మధ్యలో తీసేసి తర్వాత కత్తిరిస్తే పోలా?" అని అడగొచ్చు. లెక్క చూద్దాం. 4,000 చుక్కల వెడల్పులో మనిషి సరిగ్గా మధ్యలో, 2,000 దగ్గర ఉన్నాడు. అతన్ని ఎడమ గీత మీదికి తేవాలంటే ఎడమ పక్క 1,000 చుక్కలు కోయాలి. మిగిలిన వెడల్పు 3,000. ఆకారం మారకుండా ఉండాలంటే ఎత్తు 2,250కి తగ్గాలి. 12 మెగాపిక్సెళ్లు పావుతక్కువ ఏడయ్యాయి. పది అంగుళాల ప్రింటుకు అది సరిపోతుంది, కాబట్టి కత్తెర పాపం కాదు. అయితే కత్తిరించడంతో పరిమాణం తగ్గుతుందే గానీ, తల వెనక స్తంభం మాత్రం అక్కడే ఉంటుంది. దాన్ని తప్పించగలిగేది కాళ్లే.

ఈ నియమానికి హద్దు కూడా ఉంది. ఎదురుగా నిలబడి మెట్ల వంతెనను తీస్తున్నప్పుడు, నీటి గుంటలో ప్రతిబింబాన్ని తీస్తున్నప్పుడు రెండు పక్కలా సమానంగా ఉండటమే ఆ ఫొటోకు బలం. అక్కడ మధ్యలోనే పెట్టండి, సరిగ్గా మధ్యలో. మధ్యకూ మూడో వంతుకూ నడుమ ఎటూ కాని చోట పెట్టిన ఫొటోనే చూసేవారికి పొరపాటులా కనిపిస్తుంది.

*ఈ వారం పని:* ఒకే విషయాన్ని ఎడమ గీత మీద, మధ్యలో, కుడి గీత మీద పెట్టి మూడు ఫొటోలు. అలాంటి సెట్లు అయిదు. ఇంట్లోవాళ్లకు చూపించి, మీరేమీ చెప్పకుండా, ఏది నచ్చిందో అడగండి. నచ్చినదాంట్లో ఖాళీ ఏ వైపు ఉందో మీరు చూసుకోండి.

నాలుగో వారం: గడియారం కంటే ముందుండే సూర్యుడు

మీకు తెలుసా? ఖరగ్‌పూర్‌లో సూర్యుడు నడినెత్తికి వచ్చేది 12 గంటలకు కాదు, సగటున 11 గంటల 41 నిమిషాలకు. మన దేశ సమయం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం లెక్కన నడుస్తుంది. ఖరగ్‌పూర్ 87.3 డిగ్రీల దగ్గర ఉంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున ఇక్కడి సూర్యుడు గడియారం కంటే దాదాపు 19 నిమిషాలు ముందుంటాడు. డిసెంబరు 21న హైదరాబాద్‌లో సూర్యాస్తమయం సుమారు 5:46కు అయితే ఇక్కడ 5:02కే అయిపోతుంది. హైదరాబాద్‌లో ఫొటోలు తీసే బంధువు "అయిదింటికి బయల్దేరితే చాలు" అని చెప్పాడని ఆ మాట పట్టుకుంటే ఇక్కడ మిగిలేది చీకటే.

ఫొటోలు తీసేవాళ్లు గోల్డెన్ అవర్ అనే ఆ వెలుగుకు మనకు ఎప్పటినుంచో పేరుంది: నీరెండ. అవర్ అన్నది పేరుకే. సూర్యుడు ఆకాశపు అంచుకు 6 డిగ్రీల ఎత్తు నుంచి మునిగేదాకా చలికాలంలో ఇక్కడ పట్టేది సుమారు అరగంట. కొలవడానికి పరికరం అక్కర్లేదు. చేయి బారజాపి పిడికిలి బిగిస్తే దాని ఎత్తు సుమారు 10 డిగ్రీలు. ఆకాశపు అంచుకూ సూర్యుడికీ మధ్య ఒక పిడికిలి పడితే, సూర్యుడు మునగడానికి ముప్పావు గంట ఉన్నట్టు. సూర్యుణ్ణి సూటిగా చూడకండి, పిడికిలి వెనక దాచి చూడండి.

అంత కిందికి దిగినప్పుడు నీడ మనిషి కంటే అయిదు రెట్లకు పైగా సాగుతుంది. అయిదున్నర అడుగుల మనిషి నీడ 30 అడుగులు దాటుతుంది. అప్పుడు గోడ మీద పెచ్చులూడిన సున్నం, నేల మీది గులకరాళ్లు, చేతుల మీది గీతలు అన్నీ పైకి తేలుతాయి. దీనికి పూర్తిగా వ్యతిరేకమైన వెలుగు జూన్ మొదటి వారంలోనూ జూలై రెండో వారం మొదట్లోనూ వస్తుంది. ఖరగ్‌పూర్ కర్కటరేఖకు కాస్త దక్షిణంగా ఉంది కాబట్టి ఆ రోజుల్లో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా తల మీదే ఉంటాడు. నీడ కాళ్ల కింద దాక్కుంటుంది, కళ్లు రెండూ నల్లటి గుంటల్లా పడతాయి. ఆ వేళ ముఖాలు తీయొద్దు. చలికాలం మాత్రం మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 44 డిగ్రీలే ఎక్కుతాడు. నీడ మనిషంత ఉంటుంది. డిసెంబరు మధ్యాహ్నం ఫొటోలకు పనికొస్తుంది.

*ఈ వారం పని:* మీ వీధిలో ఒక గోడనో చెట్టునో ఎంచుకోండి. ఒకే చోట నిలబడి ఉదయం 7కు, 11:40కి, మధ్యాహ్నం 3కు, సూర్యాస్తమయానికి అరగంట ముందు ఒక్కో ఫొటో తీయండి. నేల మీద సుద్దతో గుర్తు పెట్టుకుంటే చోటు మారదు. నాలుగు ఫొటోల్లో నీడ ఎటు పడిందో బాణం గీసి రాసుకోండి. మీ వీధి సూర్యుడి పటం మీ చేతిలో ఉంటుంది.

అయిదో వారం: తెల్లగుడ్డ చేసిన ఆకాశం

మీకు తెలుసా? సత్యజిత్ రాయ్ 'అపరాజితో' సినిమా 1956లో వచ్చింది. అందులో కాశీ ఇంటి మండువాను కలకత్తా స్టూడియోలో సెట్ వేశారు. పైకప్పు లేని మండువాలోకి ఆకాశం నుంచి దిగే మెత్తటి వెలుగు కావాలి. ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర సెట్ పైన తెల్లగుడ్డ పరిపించి, దీపాల వెలుగును కింద నుంచి దాని మీదికి కొట్టి, అక్కడి నుంచి తిరిగి కిందికి పడేలా చేశాడు. నీడల అంచులు కరిగిపోయి, అది నిజమైన మండువాలాగే కనిపించింది.

అందులోని సూత్రం చిన్నది. వెలుగు వచ్చే చోటు ఎంత పెద్దదైతే నీడ అంచు అంత మెత్తన. సూర్యుడు ఆకాశంలో చిన్న బిళ్ల, అందుకే నీడ కత్తితో కోసినట్టు పడుతుంది. నీడపట్టున ఉన్న గుమ్మానికి ఎదురుగా కనిపించే ఆకాశమంతా పెద్ద దీపం, అందుకే ముఖం మీద వెలుగు నెమ్మదిగా చీకటిలోకి జారుతుంది.

పక్కింటి పిన్నిగారు గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతున్నారనుకోండి. ముందు అడగాలి: "పిన్నిగారూ, ఇలా కూర్చునే ఉండండి, ఒక ఫొటో తీసుకోనా?" ఒప్పుకున్నాక ఆమెను గది లోపలికి ఒక అడుగు జరిగి కూర్చోమనండి. గుమ్మం మీది ఎండ ముఖాన పడకుండా, బయటి వెలుగు మాత్రం అందుతుంది. మీరు గుమ్మానికి అడ్డంగా నిలబడితే దీపానికి అడ్డం నిలబడినట్టే. పక్కకు జరిగి, గోడ వెంబడి నిలబడి తీయండి. అప్పుడు ఒక చెంప వెలుగులో, ఒక చెంప నీడలో ఉండి ముఖానికి గుండ్రదనం వస్తుంది.

ఇక్కడ ఫోన్ ఒక పొరపాటు చేస్తుంది. కెమెరా దృశ్యమంతటినీ కలిపి మధ్యస్థమైన బూడిదరంగు వెలుగుకు తేవాలని చూస్తుంది. గది చీకటి ఎక్కువగా ఉంటే దాన్ని పైకి లేపుతుంది, దాంతో ముఖం తెల్లగా వెలిసిపోతుంది. నుదుటి మీద చర్మపు రంగు పోయి కాగితంలా కనిపిస్తే అదే గుర్తు. స్క్రీన్ మీద ముఖాన్ని తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కొద్దిగా కిందికి లాగండి. గది మళ్లీ చీకటవుతుంది, ముఖానికి రంగు తిరిగి వస్తుంది.

నీడలో ఉన్న చెంప మరీ నల్లగా ఉంటే తెల్ల పంచెనో దుప్పటినో ఆ పక్కన ఒక అడుగు దూరంలో పట్టుకోమనండి. సుబ్రత మిత్ర గుడ్డ చేసిన పనినే అదీ చేస్తుంది. ఎర్రమట్టి వాకిలిలో ఎండ వేళ తీస్తే మాత్రం నేల నుంచి తిరిగొచ్చే వెలుగు గడ్డం కింద ఎర్రగా పడుతుంది. తెల్లగుడ్డను ఒడిలో పరిస్తే అది పోతుంది.

*ఈ వారం పని:* ఒకే గుమ్మంలో ఒకే మనిషి, మూడు ఫొటోలు. వెలుగు ఎదురుగా, వెలుగు పక్కగా, పక్క వెలుగుతో పాటు తెల్లగుడ్డ. ఫ్లాష్ వద్దు.

ఆరో వారం: అయిదు ఫొటోల్లో ఒక వీధి

ఇప్పటిదాకా నేర్చుకున్నవన్నీ కలిసే వారం ఇది. పేటలో ఒక పనిని ఎంచుకోండి: ఉదయం టీ దుకాణం తెరవడం, వాకిట్లో ముగ్గు, డ్యూటీకి సైకిల్ తీస్తున్న మావయ్య. దాని మీద అయిదు ఫొటోలు. మొదటిది చోటంతా కనిపించేది. రెండోది మనిషి, పని కలిసి ఉన్నది, మూడో వంతు గీత మీద. మూడోది ముఖం, పక్క వెలుగులో. నాలుగోది చేతులు మాత్రమే. అయిదోది పని అయిపోయాక మిగిలిన చోటు. అయిదింటిలో ఏ రెండూ ఒకే దూరం నుంచి తీసినవి కాకూడదు. అలా అయితే ఒకటి తీసేయండి, ఇంకొకటి తీయండి.

రైలు ఊరు కాబట్టి రెండు హద్దులు గట్టిగా గుర్తుంచుకోవాలి. పట్టాల మీదికి దిగొద్దు. రైల్వే చట్టం 1989లోని 147వ సెక్షన్ ప్రకారం రైల్వే ప్రాంతంలోకి అనుమతి లేకుండా చొరబడితే ఆరు నెలల దాకా జైలు గానీ, వెయ్యి రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. ప్రాణం లెక్క దానికి వేరే. రెండోది, ఊరికి దగ్గర్లోనే కలైకుండ వైమానిక స్థావరం ఉంది. ఆ వైపు కెమెరా తిప్పొద్దు. స్టేషన్‌లో తీయాలనుకుంటే ముందు అక్కడి అధికారులను అడిగి, పసుపు గీతకు ఇవతలే ఉండండి.

ఆరు వారాలు అయ్యాక మీ దగ్గర చాలా ఫొటోలు ఉంటాయి. వాటిలోంచి అయిదే ఎంచి, పోస్టుకార్డు సైజులో ప్రింట్ వేయించండి. తెరమీద తప్పించుకున్న అంచు తప్పులు కాగితం మీద దొరికిపోతాయి. ఆ అయిదింటిలో పిన్నిగారి ఫొటో ఉంటే రెండో కాపీ వేయించి, ఏ గుమ్మంలో తీశారో ఆ గుమ్మంలోనే ఆమె చేతికి ఇచ్చి రండి.